పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి కూర్చుంటే చాలా? ఎల్‌ఎల్‌ఆర్‌తో మొదటి నెలల సంగతి

మొదటిగేరు (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. నాకు కారుకి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి ఐదు వారాలైంది. డ్రైవింగ్ స్కూల్లో 21 రోజుల కోర్సు చేశాను. అక్కడ ఒక్కసారి కూడా బండి వెనక్కి జారలేదు. సార్ కూడా "నీకు చెయ్యి వచ్చేసిందమ్మా" అన్నారు. ఆ ధైర్యంతోనే ఈ రోజు ఉదయం మా ఇంటి కారు తీశాను. పక్కన మా తమ్ముడు కూర్చున్నాడు. వాడికి బైక్ లైసెన్స్ మూడేళ్లుగా ఉంది, కారుది వచ్చి రెండు నెలలే.

ఫ్లైఓవర్ ఎక్కే చోట సిగ్నల్ పడింది. ఏటవాలు మీద ఆపాను. గ్రీన్ పడగానే బ్రేక్ మీద నుంచి కాలు తీసి రేస్ మీద పెట్టేలోపే కారు వెనక్కి జారడం మొదలైంది. కంగారులో క్లచ్ మొత్తం తొక్కేశాను. ఇంకా జోరుగా జారి వెనక ఉన్న ఆటోకి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆటో ముందు రేకు కొద్దిగా నొక్కుకుపోయింది, మా వెనక బంపర్ పగిలింది. ఆటో అతను మంచివాడు, వెయ్యి రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు. కానీ వెళ్తూ "ఎల్ బోర్డు వెనకే ఉంది, ముందు లేదేంటమ్మా? పక్కన కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటున్నాడు" అన్నాడు. అది నిజమే. తమ్ముడు ఫోన్‌లో ఉన్నాడు.

నా ప్రశ్నలు: రెండు నెలల లైసెన్స్ ఉన్న తమ్ముడు పక్కన ఉంటే చట్టం ఒప్పుకుంటుందా? స్కూల్ కారులో బాగా నడిపిన దాన్ని ఇంటి కారులో ఎందుకిలా అయ్యాను? బంపర్‌కి ఇన్సూరెన్స్ అడగొచ్చా? ఇంట్లో అందరూ "నడిపింది తమ్ముడే అని రాసేయ్" అంటున్నారు.

దూరపుబంధువు (9:42)

చట్టం ప్రకారం మీ తమ్ముడు కుదరడండి. పక్కన కూర్చునే వ్యక్తికి 21 ఏళ్లు నిండాలి, లైసెన్స్ వచ్చి మూడేళ్లు దాటాలి. నేను నేర్చుకున్నప్పుడు ఈ ఒక్క కారణంతోనే మా రూమ్మేట్‌ని వదిలేసి, వేరే ఆయన్ని బతిమాలి తీసుకెళ్లేదాన్ని. ఎల్ బోర్డు మాత్రం ముందూ వెనకా రెండు వైపులా ఉండాలి, అది ఖాయం.

పాతక్లచ్ (10:15)

దూరపుబంధువు గారూ, మీరు చెప్పింది బ్రిటన్ రూలు. అక్కడ 21 ఏళ్లు, మూడేళ్ల లైసెన్స్ రెండూ ఉండాలి. మన దగ్గర అలాంటి లెక్క లేదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో మూడో రూలు చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు రోడ్డు మీద బండి నడపడానికి ఆధారం ఆ ఒక్క రూలే. అందులో మూడు షరతులున్నాయి, మూడూ ఒకేసారి ఉండాలి.

ఒకటి, ఆ తరగతి బండికి చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ మీ పేరున ఉండాలి. రెండు, ఆ బండి నడపడానికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్నవాళ్లు నేర్పేవాళ్లుగా మీతో ఉండాలి. అంతేకాదు, బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చుని ఉండాలి. మూడు, తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ముందూ వెనకా కనపడాలి.

కాబట్టి అమ్మా, తమ్ముడి కార్డులో ఎల్ఎంవీ అని ఉంటే రెండు నెలలదైనా చట్టానికి సరిపోతుంది. బైక్ లైసెన్స్ మాత్రమే ఉండుంటే ముప్పై ఏళ్ల అనుభవమున్నా సరిపోదు. నేను 20 ఏళ్లు డ్రైవింగ్ నేర్పాను. జనం పట్టించుకోనిది ఆ రెండో షరతులోని చివరి మాటే. "పక్కన ఉండాలి" అని గుర్తుంటుంది, "ఆపగలగాలి" అన్నది గుర్తుండదు. మీ తమ్ముడు ఫోన్ చూస్తున్నంతసేపూ ఆ కారు ఆపగల మనిషి అందులో లేడు.

జారడం గురించి రేపు తీరిగ్గా రాస్తాను. అదే అసలు విషయం.

దూరపుబంధువు (10:31)

అవునండీ, నేను నేర్చుకున్నది బ్రిటన్‌లోనే. రూలు అన్ని చోట్లా ఒకటే అనుకున్నాను. కానీ పాతక్లచ్ గారూ, రెండు నెలల వాడు ఏం నేర్పగలడు? చట్టం ఒప్పుకున్నా మీరు ఒప్పుకుంటారా?

పాతక్లచ్ (10:38)

ఒప్పుకోను. కానీ ఆమె అడిగింది చట్టం గురించి కాబట్టి ముందు అది చెప్పాను.

గాలిబండి (11:20)

నాది కూడా సేమ్ ప్రాబ్లం బ్రో. నాకు గేర్ బైక్ ఎల్‌ఎల్‌ఆర్ ఉంది. రోజూ కాలేజీకి ఒక్కడినే వెళ్తాను. అప్పుడప్పుడు ఫ్రెండ్‌ని ఎక్కించుకుంటాను. వాడికి లైసెన్స్ లేదు కానీ హెల్మెట్ ఉంది. మొన్న పోలీసాయన ఆపి, ఎల్ బోర్డు ఉంది కదా అని వదిలేశారు. అంటే ఓకే కదా?

పాతక్లచ్ (ఆదివారం, ఉదయం 6:05)

గాలిబండి, ఫ్రెండ్‌ని ఎక్కించుకోవడం తప్పు. ఆ మూడో రూలులోనే బైక్ గురించి విడిగా ఉంది. నేర్చుకునేవాళ్లు లైసెన్స్ ఉన్న నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ బైక్ మీద ఎక్కించుకోకూడదు. హెల్మెట్ ఉండటం వేరే సంగతి. ఆయన వదిలేయడం ఆ రోజు మీ అదృష్టం, అనుమతి కాదు. ఒక్కడివే వెళ్లడం గురించి తర్వాత మాట్లాడదాం, ఇప్పుడు ఈ అమ్మాయి ప్రశ్న పక్కదారి పట్టకూడదు.

మొదటిగేరు, నాకు ఒక్కటి చెప్పండి. స్కూల్ కారులో సార్ వైపు కూడా పెడల్స్ ఉన్నాయి కదా. చివరి రోజుల్లో ఆయన కాళ్లు ఎక్కడ ఉండేవి?

మొదటిగేరు (7:30)

పెడల్స్ మీదే సార్. ఎప్పుడూ చూడలేదు కానీ... సిగ్నల్ దగ్గర నా కాలి కింద క్లచ్ దానంతట అదే కొంచెం కదిలినట్టు రెండు మూడు సార్లు అనిపించింది. నా భ్రమ అనుకున్నాను.

పాతక్లచ్ (8:50)

భ్రమ కాదమ్మా. స్కూల్ కారులో రెండు వైపుల పెడల్స్ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఆయన తొక్కితే మీ వైపుదీ కిందికి వెళ్తుంది. ఏటవాలు మీద ఆయన బ్రేక్ కొద్దిగా పట్టి ఉంచి, మీరు క్లచ్ వదిలాక మెల్లగా తీసేవారు. మీకేమో అంతా మీరే చేసినట్టు ఉంటుంది. దీన్ని నేను మోసం అనను. ట్రాఫిక్‌లో వెనకవాళ్లని గుద్దకుండా ఉండటానికి మేమంతా చేసే పనే. కాకపోతే చివరి నాలుగైదు రోజులు కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చోవాలి, ఆ మాట విద్యార్థికి చెప్పాలి కూడా. అది చేయని చోట విద్యార్థి హాఫ్ క్లచ్ వచ్చిందనుకుని ఇంటికి వెళ్తాడు, నిజానికి వచ్చింది సగమే.

రెండో కారణం, బండి మారింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందనేది ప్రతి కారుకీ వేరు. బాగా వాడిన స్కూల్ కారులో ఒక చోట, మీ ఇంటి కారులో ఇంకో చోట. మీ కాలు పాత చోటు కోసం వెతికింది, అక్కడ ఏమీ లేదు.

ఇక మీరు క్లచ్ మొత్తం తొక్కడం. కంగారులో కొత్తవాళ్లలో చాలామంది అదే చేస్తారు, ఎందుకంటే స్కూల్లో "భయమేస్తే క్లచ్, బ్రేక్ తొక్కు" అని నేర్పుతారు. రెండింట్లో ఎడమకాలు ముందే క్లచ్ మీద ఉంది కాబట్టి అది వెంటనే దిగిపోయింది, కుడికాలు రేస్ మీద నుంచి బ్రేక్ మీదికి రావడానికి టైం పట్టింది. క్లచ్ పూర్తిగా దిగితే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం ఉండదు. బండి ఏటవాలు మీద విడిచిపెట్టిన తోపుడుబండి లాంటిదే. అందుకే ఇంకా జోరుగా జారింది. అక్కడ చేయాల్సింది ఒక్కటే, బ్రేక్. ఇంజిన్ ఆగిపోతే ఆగిపోనివ్వండి, నష్టం లేదు.

ఇప్పుడు మీ ఇంటి కారుతో ఇలా చేయండి. ట్రాఫిక్ లేని చోట, కొద్దిపాటి ఎత్తు ఉన్న దారిలో ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మొదటి గేరు వేసి, రేస్ అసలు ముట్టకుండా క్లచ్ చాలా మెల్లగా వదలండి. ఒక చోటికి రాగానే ఇంజిన్ చప్పుడు కాస్త మందగిస్తుంది, బానెట్ కొద్దిగా లేచినట్టు అనిపిస్తుంది. అక్కడే కాలు ఆపి ఐదు లెక్కపెట్టి మళ్లీ తొక్కండి. ఇది ఓ పదిహేను ఇరవై సార్లు చేస్తే ఆ చోటు కాలికి గుర్తుండిపోతుంది. మధ్యమధ్యలో కాసేపు ఆగండి, ఎక్కువసేపు పట్టి ఉంచితే క్లచ్ వేడెక్కి మాడు వాసన వస్తుంది.

అది కుదిరాక ఎత్తు మీద బయల్దేరడం. హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంచి, క్లచ్ ఆ చోటికి తెచ్చి, కొద్దిగా రేస్ ఇచ్చి, బండి ముందుకి లాగుతోందని తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించండి. ముందే దించితే జారుతుంది. ఆలస్యంగా దించితే కాస్త బరువుగా లాగుతుంది, అంతే. అందుకే కొత్తలో ఆలస్యంగా దించడమే నయం.

తోడునాన్న (10:20)

నేను మా అమ్మాయి పక్కన నాలుగు నెలలు కూర్చున్నాను. ఆ రెండో షరతు చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. ఆపగల చోట కూర్చోవడం అంటే చెయ్యి హ్యాండ్‌బ్రేక్ దగ్గర ఉండటమే కాదు, నోరు కూడా.

మొదటి వారం నేను రోజంతా "చూసుకో, చూసుకో" అనేవాడిని. ఒకరోజు సందులోంచి సైకిల్ మీద పిల్లాడు దూసుకొచ్చాడు. నేను "చూసుకో!" అని అరిచాను. మా అమ్మాయి బ్రేక్ వేయలేదు. ఏం చూసుకోవాలో తెలియక ముందు అద్దం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. పిల్లాడే తప్పుకున్నాడు. ఆ రాత్రి తను అడిగింది, "నాన్నా, చూసుకో అంటే ఆపాలా, పక్కకి తిప్పాలా?" అని. నా దగ్గర జవాబు లేదు.

"కుడి, కుడి!" కూడా అంతే. కుడివైపు ఏదో వస్తోందనా, కుడికి తిప్పమనా? ఒకసారి నేను మొదటి అర్థంలో అంటే తను రెండో అర్థంలో తిప్పింది.

అప్పటి నుంచి మేం ఒప్పందం చేసుకున్నాం. ప్రమాదం అనిపిస్తే ఒక్కటే మాట, "ఆపు". అది విన్నాక కారణం అడగకుండా బ్రేక్ తొక్కాలి. నేను ఆ మాట వేరే దేనికీ వాడకూడదు. ఇక మలుపులు ముందే చెప్పాలి. 30 వేగంలో కారు సెకనుకి ఎనిమిది మీటర్లు దాటిపోతుంది. మలుపు దగ్గరికొచ్చాక "ఎడమకి" అంటే తను అద్దం చూసి, ఇండికేటర్ వేసి, గేరు తగ్గించడానికి టైమే ఉండదు. ఉన్నపళంగా తిప్పేస్తుంది. ఆ తిట్లు తినాల్సింది తను కాదు, నేనే.

మొదటిగేరు (10:58)

అంకుల్, తమ్ముడికి ఈ పోస్ట్ చదివి వినిపించాను. వాడు నిన్నటి నుంచి మాట్లాడకుండా ఉన్నాడు, ఇప్పుడు "సారీ అక్కా" అన్నాడు.

దూరపుబంధువు (11:15)

హ్యాండ్‌బ్రేక్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మామూలు కారులో ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లు ఆపగల ఆధారం అదొక్కటే. నిజంగా దాంతో కారు ఆగుతుందా?

పాతక్లచ్ (మధ్యాహ్నం 1:40)

మంచి ప్రశ్న. ఆగుతుంది కానీ కాలి బ్రేకంత తొందరగా కాదు. హ్యాండ్‌బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలనే పడుతుంది. మాటల్లో చెప్తే అర్థం కాదు, తమ్ముడూ మీరూ ఓ ఖాళీ మైదానంలో చేసి చూడండి. నేరుగా 20 వేగంలో వెళ్తూ ఒక గుర్తు దగ్గర కాలి బ్రేక్ వేసి, ఎన్ని అడుగుల తర్వాత ఆగిందో నడిచి లెక్కపెట్టండి. తర్వాత అదే వేగంలో, అదే గుర్తు దగ్గర తమ్ముడు ఎడమ సీట్లోంచి హ్యాండ్‌బ్రేక్ లాగాలి. తేడా కళ్లారా చూశాక మీరిద్దరూ ట్రాఫిక్‌లోకి ఏ వేగంతో వెళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

లాగే పద్ధతి ఉంది. బొటనవేలితో చివర బటన్ నొక్కిపట్టే ఉంచి, కుడిచేత్తో క్రమంగా పైకి లాగాలి. బటన్ నొక్కి ఉంటేనే అవసరమైతే వెంటనే దించగలరు. ఒక్క ఊపున లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. మలుపులోనో తడి రోడ్డు మీదో అలా చేస్తే కారు వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. అక్కడ వద్దు.

ముందుగా హ్యాండ్‌బ్రేక్ పనిచేస్తోందా చూసుకోండి. లివర్ పైదాకా లాగినా ఏటవాలు మీద కారు కదులుతుంటే మెకానిక్ దగ్గర బిగింపించాలి. చాలా ఇళ్లలో దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ చూడరు, గేర్లో వేసి వదిలేస్తారు. ఇప్పటి కొన్ని కార్లలో లివర్ బదులు ఎలక్ట్రిక్ బటన్ ఉంటుంది. అలాంటి కార్లలో చాలావాటిలో బటన్ లాగి పట్టుకునే ఉంటే బండి ఆగుతుంది, వదిలేస్తే బ్రేకూ వదిలేస్తుంది. మీ కారుతో వచ్చిన పుస్తకంలో ఒకసారి చదవండి. కొన్ని బండ్లలో పార్కింగ్ బ్రేక్ డ్రైవర్ ఎడమకాలి దగ్గర పెడల్‌గా ఉంటుంది. అది పక్క సీటువాళ్లకి అందదు. అలాంటి బండిలో స్కూల్ బయట నేర్పడానికి నేను ఒప్పుకోను.

క్లెయిమ్‌ఫైల్ (2:25)

నేను మోటార్ క్లెయిములు చూసే పనిలో ఉన్నాను. పాతక్లచ్ గారు చెప్పిన ఆ మూడో రూలు మీ ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఉంది, చాలామంది చదవరు. "డ్రైవర్స్ క్లాజ్" అని ఉండే పేరా చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు కూడా నడపొచ్చు, కానీ సెంట్రల్ రూల్స్‌లోని మూడో రూలు షరతులు పాటించి ఉండాలి అని రాసి ఉంటుంది. అంటే రోడ్డు మీద ఎవరూ ఆపకపోయినా, క్లెయిమ్ వేసిన రోజున ఆ షరతులు మళ్లీ మీ ముందుకొస్తాయి.

మొదటిగేరు గారూ, మీ కేసులో రెండు వేర్వేరు నష్టాలున్నాయి. ఆటోకి తగిలింది థర్డ్ పార్టీ నష్టం. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే, కాబట్టి నేర్చుకునేవారు నడిపారన్న కారణంతో కంపెనీ థర్డ్ పార్టీకి డబ్బు కట్టకుండా తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. మీ బంపర్ మాత్రం సొంత నష్టం. అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం ప్రకారం నడుస్తుంది. అక్కడ ఎల్ బోర్డు ముందు లేదన్నది, పక్కన ఎవరున్నారన్నది అడుగుతారు.

ఇక "తమ్ముడే నడిపాడు అని రాసేయ్" అన్న సలహా. దయచేసి వద్దు. ఫారంలో అబద్ధం దొరికితే బంపర్ డబ్బు రాకపోవడం చిన్న విషయం, మొత్తం క్లెయిమే తప్పుడుదిగా లెక్కిస్తారు. ఆటో అతని మాట ఉంది, సిగ్నల్ దగ్గర కెమెరాలుంటాయి. ఉన్నది ఉన్నట్టు రాసి, వస్తే రానీయండి.

ఇంకో ఫైల్ గురించి చెప్తాను, వివరాలు మార్చి. అమ్మాయి నడిపింది, ఎల్‌ఎల్‌ఆర్ సక్రమంగా ఉంది, బోర్డులు రెండు వైపులా ఉన్నాయి, పక్కన తండ్రి ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నవాడు. కారు గేటు స్తంభానికి కొట్టింది. తీరా చూస్తే తండ్రి లైసెన్స్ గడువు నాలుగు నెలల క్రితమే అయిపోయింది. ఆయన వాదన ఏంటంటే రెనివల్‌కి ఏడాది టైం ఉంది కదా అని. ఆ ఏడాది దరఖాస్తు పెట్టుకోవడానికి, నడపడానికి కాదు. పాత చట్టంలో గడువు తర్వాత 30 రోజుల సడలింపు ఉండేది, 2019 సవరణలో అదీ తీసేశారు. సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరించారు. ఆయన ఇంకా పోరాడుతున్నారు.

అందుకే పక్కన కూర్చునేవాళ్ల కార్డులో రెండు చోట్ల చూడండి. ఎల్ఎంవీ ఉందా, తేదీ దాటిందా.

తోడునాన్న (2:50)

ఇది చదివి లేచి వెళ్లి నా కార్డు చూసుకున్నాను. ఇంకా ఏడాదిన్నర ఉంది. కానీ ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా చూసుకోలేదన్నది నిజం.

గాలిబండి (3:15)

మరి ఫోన్ చూస్తూ కూర్చున్నా "ఆపగల చోట" ఉన్నట్టేనా కాదా? సీటు అయితే అదే కదా.

క్లెయిమ్‌ఫైల్ (3:40)

రూలు మాట్లాడేది కూర్చునే చోటు గురించి. ఫోన్ అన్న మాట అందులో లేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయడం కష్టమని నా అభిప్రాయం. అలాగే మామూలు కారులో హ్యాండ్‌బ్రేక్ అందితే చాలా, పక్కన కూడా పెడల్స్ ఉండాలా అన్నది కూడా వాదనకొస్తుంది. స్కూల్ కార్లకి రెండు వైపులా కంట్రోల్స్ తప్పనిసరి అని రూల్స్‌లో విడిగా ఉంది, సొంత కార్లకి అలా లేదు.

పాతక్లచ్ (4:05)

నేను మీతో ఏకీభవించను. కూర్చున్న చోటు నుంచి అదుపు చేయగలగాలి అంటే కళ్లు రోడ్డు మీద ఉండాలనే అర్థం. నిద్రపోతున్న మనిషిని కూర్చోబెట్టి షరతు తీరింది అంటే ఆ రూలు రాసిన ఉద్దేశమే పోతుంది.

క్లెయిమ్‌ఫైల్ (4:12)

ఉద్దేశం అదేనండి, కాదనను. కాగితం మీద ఏముందో అంతే చెప్పాను.

గాలిబండి (4:30)

ఓకే, నా సంగతి. బైక్ మీద ఒక్కడినే వెళ్లొచ్చా?

పాతక్లచ్ (5:10)

అక్షరాలా చదివితే ఆ రెండో షరతు బైక్‌కి కూడా వర్తిస్తుంది. నేర్పేవాళ్లు వెనక కూర్చుని బండిని ఎలా ఆపుతారు అంటే నా దగ్గర జవాబు లేదు. చేతులు హ్యాండిల్‌కి అందవు, కాలు బ్రేక్‌కి అందదు. అందరూ ఒంటరిగానే నేర్చుకుంటున్నారు, ఎక్కువ చోట్ల పోలీసులూ చూసీ చూడనట్టు పోతారు. కానీ రూలు మారలేదు. నేను నేర్పేటప్పుడు ఖాళీ మైదానంలో పక్కనే పరిగెత్తేవాడిని, రోడ్డు మీదకొచ్చాక నా బండి మీద వెనకే వెళ్లేవాడిని. అది రూలుకి సరిపోతుందని నేను చెప్పలేను, పిల్లలకి మాత్రం పనికొచ్చింది.

నీకు నా సలహా, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటితే టెస్ట్‌కి స్లాట్ పెట్టుకో. ఏళ్ల తరబడి ఎల్ బోర్డుతో తిరిగేవాళ్లని చూశాను. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే, పొడిగించరు, మళ్లీ కొత్తది తీసుకోవాలి. గడువు దాటాక ఎల్ బోర్డు ఉన్నా లేకున్నా అది లైసెన్స్ లేని డ్రైవింగే. చట్టంలో దానికి జరిమానా 5,000 రూపాయలు, బండి ఇచ్చిన ఓనర్‌కీ అంతే. రాష్ట్రాన్ని బట్టి చలానా మొత్తం మారొచ్చు.

గాలిబండి (5:22)

నాది వచ్చి ఐదు నెలలు దాటింది అన్నా. చూసుకోలేదు. ఈ రాత్రే స్లాట్ పెడతా. ఫ్రెండ్‌కి కూడా చెప్పేశా, ఇక బస్సే.

మొదటిగేరు (రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:40)

అందరికీ ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ముందు ఎల్ బోర్డు. స్టిక్కర్ కొలిచాను. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తు, అడుగున తొమ్మిది వెడల్పు, గీత రెండు సెంటీమీటర్ల మందం ఉండాలని రూలులో చదివాను. నేను కొన్నది మొత్తం కలిపి 12 సెంటీమీటర్లే! తెల్ల అట్ట కత్తిరించి ఎర్ర టేపుతో రెండు బోర్డులు నేనే చేశాను.

మైదానంలో హ్యాండ్‌బ్రేక్ పరీక్ష చేశాం. కాలి బ్రేక్‌తో ఆగిన చోటు నుంచి, తమ్ముడు లాగినప్పుడు ఆగిన చోటుకి నా అడుగుల్లో ఏడు అడుగులు తేడా వచ్చింది. వాడి ముఖం చూడాల్సింది. అప్పటి నుంచి ఫోన్ డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూత వేస్తున్నాడు, నేను చెప్పక్కర్లేదు. మొదట్లో ఒకసారి బటన్ నొక్కకుండా లాగాడు, బిగుసుకుపోయి కిందికి దించలేక నేను కూడా సాయం పట్టాల్సి వచ్చింది. తర్వాత అలవాటైంది.

మా కారు క్లచ్ బాగా పైన పట్టుకుంటుంది. స్కూల్ కారులో దాదాపు కింద పట్టేది. ఆ తేడా తెలిశాక ఎత్తు మీద పదకొండు సార్లు బయల్దేరాను, రెండుసార్లు ఇంజిన్ ఆగింది, ఒక్కసారి కూడా జారలేదు. అదే ఫ్లైఓవర్ మాత్రం ఇంకా ఎక్కలేదు.

బంపర్‌కి క్లెయిమ్ వేయలేదు. ముందు బోర్డు లేదు, అది నిజం. సొంత డబ్బుతో మార్పించాం.

ఒక కొత్త తప్పు కూడా దొరికింది. మలుపు తిరిగాక రేస్ నుంచి కాలు తీసి బ్రేక్ మీద పెట్టేటప్పుడు ఒకసారి రెండు పెడల్స్ మధ్య అంచు మీద పడింది. ఆగింది కానీ గుండె జల్లుమంది. ఎందుకో తెలియలేదు.

పాతక్లచ్ (7:15)

మడమ ఎక్కడ పెడుతున్నారు? రేస్ ఎదురుగానా, బ్రేక్ ఎదురుగానా?

మొదటిగేరు (7:18)

ఇప్పుడే కారులో కూర్చుని చూశాను. రేస్ ఎదురుగానే సార్. బ్రేక్ వేయాలంటే కాలు మొత్తం ఎత్తి తెస్తున్నాను.

పాతక్లచ్ (7:31)

అదే కారణం. కాలు ఎత్తిన ప్రతిసారీ చూడకుండా గురి చూసి దింపాలి, కంగారులో గురి తప్పుతుంది. మడమ నేల మీద బ్రేక్ ఎదురుగా ఆన్చి ఉంచండి. రేస్ కావాలంటే వేళ్లవైపు మాత్రమే కుడికి తిప్పండి. బ్రేక్ కావాలంటే పాదం దానంతట అదే నిటారుగా వస్తుంది. కాలు పొట్టిగా ఉండి మడమ ఆనకపోతే సీటు ఒక మెట్టు ముందుకి జరపండి. జారే చెప్పులు, ఎత్తు మడమల చెప్పులు వద్దు. ఇంజిన్ ఆపేసి ఉన్న కారులో, కళ్లు రోడ్డు మీదే ఉంచి, తమ్ముడు "ఆపు" అన్నప్పుడల్లా యాభైసార్లు చేయండి. పాదం అంచు తగిలిన ప్రతిసారీ వాడిని లెక్క రాయమనండి.

మొదటిగేరు (రాత్రి 8:26)

చేశాం. యాభైలో నాలుగుసార్లు అంచు తగిలింది, నాలుగూ మొదటి పదిలోనే. రేపు ఉదయం మళ్లీ.